పేరుకోకూడదు, పలచబడకూడదు

పుష్యమాసపు చలిలో ఆదిలాబాదు వైపు ఏ ఇంటి వంటగదిలోకైనా తెల్లవారుజామున వెళ్లి చూడండి. కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టి ఉంటుంది. తలకు రాసుకోవాలంటే ఎండలో పెట్టాలి, లేదా వేణ్నీళ్ల గిన్నెలో ముంచాలి. నెయ్యి పూసకట్టి పేరుకుని ఉంటుంది. పక్కనే ఉన్న పొద్దుతిరుగుడు నూనె మాత్రం నిన్న మధ్యాహ్నం ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ధారగా పడుతుంది. చలి మూడింటికీ ఒకటే. తేడా అంతా వాటిలోని కొవ్వు ఆమ్లాలలో ఉంది.

మన ఒంట్లోని ప్రతి కణాన్నీ చుట్టి ఉండే పొరకు ముడిసరుకు కూడా ఈ కొవ్వు ఆమ్లాలే. చెట్టు ఆకులోని కణానికీ, చెరువులోని చేపకీ, పేగుల్లోని బాక్టీరియాకీ అంతే. ఆ పొర నెయ్యిలా పేరుకుంటే కణం పని ఆగిపోతుంది. మరీ పలచబడితే లోపలి సరుకు బయటికి కారుతుంది. సీసాను మనం ఎండలో పెడతాం. కణాన్ని ఎండలో పెట్టేవాళ్లు లేరు. చలి వచ్చినా వేడి వచ్చినా తన పొర పాకాన్ని అదే చూసుకోవాలి. ఎలా చూసుకుంటుందో తెలుసుకోవాలంటే ముందు పొర లోపలికి వెళ్లాలి.

ఈ పొర మందం సుమారు 5 నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో పదివేలవ వంతు కూడా ఉండదు. అందులో ఎక్కువగా ఉండేవి ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కో ఫాస్ఫోలిపిడ్‌కు నీళ్లంటే ఇష్టపడే తల ఒకటి, నీళ్లంటే గిట్టని తోకలు రెండు ఉంటాయి. ఆ తోకలే కొవ్వు ఆమ్లాలు. నీళ్లలో వదిలితే ఈ అణువులు వాటంతట అవే రెండు వరసలుగా సర్దుకుంటాయి. తలలు బయటి నీటివైపూ లోపలి నీటివైపూ తిరుగుతాయి, తోకలన్నీ మధ్యలో దాక్కుంటాయి. ఎవరూ కుట్టనక్కర్లేదు, అతకనక్కర్లేదు. పొరలో ఒక అణువుకీ పక్క అణువుకీ మధ్య గట్టి రసాయనిక బంధమేమీ లేదు. అందుకే అవి ఉన్నచోట ఉండవు. జాతరలో జనం లాగా పక్కవాళ్లను తోసుకుంటూ, చోటు మార్చుకుంటూ తిరుగుతూనే ఉంటాయి. ఒక లిపిడ్ అణువు సెకనుకు కొన్ని లక్షల నుంచి కోటి సార్ల దాకా పక్కదానితో చోటు మార్చుకుంటుంది. అయితే పక్కకు జరిగినంత సులువుగా ఒక వరసలోంచి రెండో వరసలోకి దూకలేదు. నీళ్లను ప్రేమించే తలను నూనెలాంటి నడిమి భాగం గుండా లాక్కెళ్లాలి కాబట్టి, సాయం చేసే ప్రోటీన్ లేకపోతే ఆ దూకుడుకు గంటలూ రోజులూ పడుతుంది.

పొర కదులుతుందని కంటికి చూపించిన ప్రయోగం 1970లో జరిగింది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రై, ఎడిడిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక ఎలుక కణాన్నీ ఒక మనిషి కణాన్నీ సెండాయ్ అనే వైరస్ సాయంతో కలిపి ఒకే కణంగా చేశారు. ఎలుక పొరలోని ప్రోటీన్లకు ఒక రంగు, మనిషి పొరలోని ప్రోటీన్లకు ఇంకో రంగు అంటించారు. రంగులు ఆకుపచ్చ, ఎరుపు. కలిపిన వెంటనే చూస్తే సగం పచ్చ, సగం ఎరుపు. 37 డిగ్రీల దగ్గర ఉంచి 40 నిమిషాల తరవాత చూస్తే దాదాపు అన్ని కణాల్లోనూ రెండు రంగులూ పూర్తిగా కలిసిపోయి ఉన్నాయి.

అప్పుడొక సందేహం రావాలి. పాత ప్రోటీన్లు కదిలాయా, లేక కణం కొత్త ప్రోటీన్లు తయారు చేసి అక్కడక్కడా పెట్టిందా? వాళ్లు కణంలో ప్రోటీన్ల తయారీని మందుతో ఆపారు. శక్తి ఉత్పత్తినీ ఆపి చూశారు. అయినా రంగులు కలుస్తూనే ఉన్నాయి. చల్లదనం ఒక్కటే ఆ కలయికను ఆపగలిగింది. ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి తెచ్చేసరికి రంగులు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా అందంగా కనిపించేది ఈ చివరి మెట్టే. కణం శ్రమపడి కదిలించడం లేదు, పొర ద్రవంగా ఉంది కాబట్టి అవి కదులుతున్నాయి. అది పేరుకుంటే కదలిక లేదు.

మరో రెండేళ్లకు, 1972లో, సింగర్, నికల్సన్ అనే ఇద్దరు ఈ ఆధారాలన్నిటినీ కలిపి సైన్స్ పత్రికలో ఒక చిత్రం గీశారు. దానికే ఫ్లూయిడ్ మొజాయిక్ నమూనా అని పేరు. రెండు వరసల కొవ్వు ద్రవంలో రకరకాల ప్రోటీన్లు మొజాయిక్ పలకల్లా పొదిగి ఉంటాయి. కాకపోతే నేలమీది పలకల్లా సిమెంటుతో బిగిసినవి కావు, తేలుతూ తిరిగే పలకలు. ఇప్పుడు మనకు తెలిసినంతలో వాటి స్వేచ్ఛ ఆ బొమ్మలో చూపినంత లేదు. చాలా ప్రోటీన్లకు కణం లోపలి అస్థిపంజరం కళ్లెం వేస్తుంది, పొరలో జనం కిక్కిరిసి ఉంటారు. అసలు మాట మాత్రం నిలిచింది.

ఇక తోకల సంగతి. కొవ్వు ఆమ్లమంటే కార్బన్ పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో ఎక్కడా ద్విబంధం లేకపోతే, అంటే పట్టగలిగినన్ని హైడ్రోజన్లనూ పట్టుకుని ఉంటే, దాన్ని సంతృప్త ఆమ్లం అంటారు. అది నిటారుగా సాగి నిలబడగలదు. మధ్యలో ద్విబంధం ఉంటే అసంతృప్తం. ప్రకృతిలో దొరికే ద్విబంధాలు ఎక్కువగా సిస్ అనే రకానివి. అక్కడ గొలుసు సుమారు 30 డిగ్రీలు వంగుతుంది.

కోస్తాలో ఇంటి పందిళ్లకు వాడే సరుగుడు కర్రలు తెలుసు కదా. వాటిని మోపు కడితే సందు లేకుండా బిగుస్తాయి. అదే తుమ్మకొమ్మలు మోపు కట్టి చూడండి. ఎంత లాగి బిగించినా మధ్యలో ఖాళీలు మిగులుతాయి. సంతృప్త తోకలు సరుగుడు కర్రలు, అసంతృప్త తోకలు తుమ్మకొమ్మలు. ఒకదానికొకటి ఆనుకుని నిలిచిన నిటారు తోకల మధ్య ఆకర్షణ ఎక్కువ, విడదీయడానికి ఎక్కువ వేడి కావాలి. వంకర తోకలు దగ్గరకు రాలేవు కాబట్టి కొద్ది వేడికే విడివడి కదులుతాయి.

ఈ ఒక్క వంకర ఎంత పని చేస్తుందో అంకెల్లోనే చూడాలి. 18 కార్బన్లున్న సంతృప్త ఆమ్లం పేరు స్టియరిక్ ఆమ్లం. అది కరగాలంటే దాదాపు 70 డిగ్రీల వేడి కావాలి. అదే 18 కార్బన్ల గొలుసు మధ్యలో ఒక్క సిస్ ద్విబంధం పెడితే ఓలియిక్ ఆమ్లం అవుతుంది. దానికి సుమారు 13 డిగ్రీలు చాలు. ఒక్క వంపుకి యాభై డిగ్రీలకు పైగా తేడా. రెండో ద్విబంధం పెడితే సున్నాకు కాస్త కిందికి దిగుతుంది. అంటే మొదటి వంపు చేసినంత పని తరవాతి వంపులు చేయవు.

అసలు కారణం వంపే అనడానికి ఒక సాక్ష్యం ఉంది. ద్విబంధంలో ట్రాన్స్ అనే ఇంకో రకం ఉంది. అది ఉన్నా గొలుసు దాదాపు నిటారుగానే ఉంటుంది. ఓలియిక్ ఆమ్లంలోని సిస్ బంధాన్ని ట్రాన్స్‌గా మారిస్తే వచ్చేది ఎలాయిడిక్ ఆమ్లం. పరమాణువుల లెక్క ఏమీ మారలేదు, అయినా కరిగే ఉష్ణోగ్రత 13 నుంచి 45 డిగ్రీల దాకా ఎగబాకుతుంది. నూనెను వనస్పతిగా గట్టిపరిచేటప్పుడు పుట్టేవి ఈ జాతి ఆమ్లాలే.

కొబ్బరినూనె గురించి ఒక మాట చెప్పకపోతే లెక్క తప్పుతుంది. అందులో తొంభై శాతం దాకా సంతృప్త ఆమ్లాలే. మరి అది 70 డిగ్రీలకు కాకుండా 24, 25 డిగ్రీలకే ఎలా కరుగుతోంది? దాని గొలుసులు పొట్టివి. వాటిలో ఎక్కువ భాగం 12 కార్బన్ల లారిక్ ఆమ్లం. పొట్టి కర్రలకు ఒకదానికొకటి ఆనే నిడివి తక్కువ, పట్టు కూడా తక్కువే. కాబట్టి పొర ద్రవత్వాన్ని తేల్చేది వంపు ఒక్కటే కాదు, పొడవు కూడా.

ఇప్పుడు కణం ఈ పరిజ్ఞానాన్ని ఎలా వాడుతుందో చూద్దాం. మన పేగుల్లో ఉండే ఈ.కోలై బాక్టీరియాను 40 డిగ్రీల దగ్గర పెంచి, దాని పొరలోని కొవ్వు ఆమ్లాలను విడదీసి కొలిచారు. 16 కార్బన్ల సంతృప్త ఆమ్లమైన పామిటిక్ ఒక్కటే దాదాపు సగం, 48 శాతం ఉంది. అదే బాక్టీరియాను 10 డిగ్రీల దగ్గర పెంచితే పామిటిక్ 18 శాతానికి పడిపోయింది. 40 డిగ్రీల్లో వంకర తోకలు రెండు రకాలూ కలిపి 21 శాతమే. 10 డిగ్రీల్లో 64 శాతం. అంటే చలిలో పెరిగిన బాక్టీరియా పొరలో వంకర తోకలు నిటారు తోకలకు మూడింతల దగ్గర ఉన్నాయి. వేడిలో పెరిగినదాంట్లో సగం కూడా లేవు.

ఇందులో ముచ్చటైన విషయం దీనికి పెద్ద ఏర్పాటేమీ అవసరం లేకపోవడం. వంకర ఆమ్లం గొలుసును 16 కార్బన్ల నుంచి 18కి పొడిగించే ఎంజైమ్ ఒకటుంది. అది చల్లగా ఉన్నప్పుడు మిగతావాటితో పోలిస్తే బాగా పనిచేస్తుంది, వేడెక్కితే మందగిస్తుంది. ఉష్ణోగ్రత తగ్గితే కొత్త జన్యువు మేలుకోనక్కర్లేదు, ఉన్న ఎంజైమే క్షణాల్లో పని పెంచుతుంది. అయితే అప్పటికే పొరలో ఉన్న పాత తోకలు మారవు. కొత్తగా చేరే తోకలతో పొర పాకం మెల్లగా మారుతుంది. కాబట్టి బాక్టీరియా పెరుగుతూ ఉండాలి.

1974లో సినెన్‌స్కీ అనే శాస్త్రవేత్త వేరు వేరు ఉష్ణోగ్రతల్లో పెరిగిన ఈ.కోలై పొరల చిక్కదనం కొలిచాడు. ఏ కణాన్ని ఏ వేడిలో పెంచారో అదే వేడిలో కొలిస్తే, అన్నిటి చిక్కదనం దాదాపు ఒకటే వచ్చింది. కూర్పు మారింది, పాకం మారలేదు.

ఈ సర్దుబాటు చేతకాని బాక్టీరియా గతి ఏమిటి? వంకర ఆమ్లాలను తయారు చేయలేని ఈ.కోలై రకాలున్నాయి. వాటికి ఓలియిక్ ఆమ్లం తిండిలో కలిపి పెడితే హాయిగా పెరుగుతాయి. ఆపేస్తే కొంతసేపటికి చిట్లిపోతాయి. ఓలియిక్ బదులు ఇందాక చెప్పిన ఎలాయిడిక్ పెడితే 37 డిగ్రీల దగ్గర పెరుగుతాయి కానీ, చల్లబరిస్తే పెరగడం మానేస్తాయి. పొరలో కొంత భాగం పేరుకుంటుంది, కొంత ద్రవంగా ఉంటుంది. ఆ రెండూ కలిసే అంచుల దగ్గర అణువుల సర్దుబాటు కుదరక కారడం మొదలవుతుంది. పొర మొత్తం పేరుకున్నప్పటికన్నా ఈ సగం సగం స్థితిలోనే కారుడు ఎక్కువ.

బాక్టీరియాల్లో చాలావాటికి లేనిది, జంతు కణాలకు ఉన్నది మరొకటుంది. అది కొలెస్టరాల్. ఈ పేరు వినగానే మనకు రక్త పరీక్ష కాగితం, గుండె డాక్టరు గుర్తొస్తారు. కణ పొరలో దాని ఉద్యోగం వేరు. దాని ఆకారం చూడండి. నాలుగు ఉంగరాలు ఒకదానికొకటి అతుక్కుని వంగని పలకలా ఉంటాయి. ఒక చివర నీటిని ఇష్టపడే చిన్న తల, రెండో చివర మెత్తని పొట్టి తోక. పొరలో అది ఫాస్ఫోలిపిడ్ల మధ్య నిలువుగా దూరుతుంది. తల వాటి తలల దగ్గర ఆగుతుంది, గట్టి పలక వాటి తోకల పై భాగాన్ని ఆనుకుంటుంది, మెత్తని తోక పొర నడిమిలోకి వేలాడుతుంది.

దీని ఫలితం వేడినిబట్టి తిరగబడుతుంది. ఒంటి వేడి దగ్గర, తోకలు అటూ ఇటూ కొట్టుకుంటున్నప్పుడు, ఆ గట్టి పలక వాటిని పక్కనుంచి నొక్కి నిటారుగా నిలబెడుతుంది. పొర కాస్త మందమవుతుంది, దగ్గరపడుతుంది, చిన్న అణువులు దాన్ని దాటి కారడం తగ్గుతుంది. చలిలో, తోకలు సరుగుడు మోపులా బిగుసుకోబోతున్నప్పుడు, అదే పలక మోపు మధ్యలో పొసగని కర్రలా అడ్డుపడి వరసను చెడగొడుతుంది. పేరుకోనివ్వదు. పామిటిక్ తోకలు రెండు ఉన్న ఒక ఫాస్ఫోలిపిడ్‌తో మాత్రమే పొర తయారు చేస్తే అది సరిగ్గా 41 డిగ్రీల దగ్గర టక్కున పేరుకుంటుంది. అందులో కొలెస్టరాల్ కలుపుతూ పోతే ఆ టక్కుమనడం మొద్దుబారుతుంది. సగం దాకా కలిపితే మాయమైపోతుంది. చల్లబరుస్తూ పోతే పొర మెల్లమెల్లగా చిక్కబడుతుందే తప్ప ఒక్కసారిగా గడ్డకట్టదు. అప్పుడు పొర ఉండే స్థితికి శాస్త్రవేత్తలు వేరే పేరు పెట్టారు, క్రమబద్ధ ద్రవం అని. తోకలు వరసగా నిలబడి ఉంటాయి, అయినా అణువులు పక్కకు జరుగుతూనే ఉంటాయి.

కొలెస్టరాల్ పొరను గట్టిపరుస్తుందని కొందరు, మెత్తబరుస్తుందని కొందరు రాస్తారు. వేడి చెప్పకుండా ఏది రాసినా సగం మాటే అవుతుంది.

దీన్ని కళ్లతో చూడాలంటే రక్తనిధికి వెళ్లాలి. డెంగీ కాలంలో ప్లేట్‌లెట్ల కోసం పరుగెత్తిన కుటుంబాలకు ఒకటి తెలిసే ఉంటుంది. ఎర్ర రక్తకణాల సంచులు ఫ్రిజ్‌లో ఉంటాయి. ప్లేట్‌లెట్ల సంచులను మాత్రం 20 నుంచి 24 డిగ్రీల మధ్య, మెల్లగా ఊగే పలకలమీద ఉంచుతారు. అందుకే అవి రోజుల్లోనే పాడైపోతాయి, కావలసినప్పుడు దొరకవు. ప్లేట్‌లెట్లను ఫ్రిజ్‌లో పెడితే ఆకారం మారిపోతాయి. తిరిగి ఎక్కిస్తే కాలేయం వాటిని త్వరగా ఏరేస్తుంది. దీనికి ఒక కారణం చల్లబడేటప్పుడు వాటి పొరలోని లిపిడ్లు పేరుకోవడం మొదలవడం, దాంతో పొరలోని ప్రోటీన్లు ఒకచోట గుంపులు కట్టడం. ఎర్ర రక్తకణం పొరలో కొలెస్టరాల్ పాలు ప్లేట్‌లెట్‌లోకన్నా ఎక్కువ. దాదాపు ఒక ఫాస్ఫోలిపిడ్‌కు ఒక కొలెస్టరాల్. ఫ్రిజ్ చలికి దాని పొర ఒక్కసారిగా మారిపోదు.

కొలెస్టరాల్ పని పాకం సరిచూడటంతో అయిపోదు. హైదరాబాదులోని సీసీఎంబీలో అమితాబ్ చటోపాధ్యాయ బృందం మెదడులోని సెరటోనిన్‌ను అందుకునే ఒక గ్రాహక ప్రోటీన్‌మీద ఏళ్ల తరబడి పనిచేసింది. పొరలోంచి కొలెస్టరాల్‌ను తీసేస్తే ఆ గ్రాహకం తనకు రావలసిన అణువును పట్టుకోవడం తగ్గింది. తిరిగి కలిపితే తేరుకుంది. తేలే పలకకు తాను తేలే ద్రవం సంగతి పట్టిందన్నమాట.

నెయ్యి ఎక్కువ తింటే కణాల పొరలు గట్టిపడతాయా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. అంత సూటిగా కాదు. తినే కొవ్వు ఆమ్లాలు కొంతవరకు పొరల్లోకి చేరతాయి. చేపలు ఎక్కువ తినేవారి ఎర్ర రక్తకణాల్లో ఆ జాతి అసంతృప్త ఆమ్లాలు ఎక్కువగా కనిపిస్తాయి. కానీ కేంద్రకం ఉన్న కణం ఆ బాక్టీరియాలాగే సర్దుకుంటుంది. అవసరమైతే సంతృప్త ఆమ్లానికి తానే ద్విబంధం పెడుతుంది, కొలెస్టరాల్ తయారీని తగ్గించుకుంటుంది లేదా పెంచుకుంటుంది. రక్త పరీక్షలో కనిపించే కొలెస్టరాల్ అంకెను చూసి కణ పొర సంగతి చెప్పలేం.

అయితే ఒక కణం ఈ సర్దుబాటు చేసుకోలేదు. అది ఎర్ర రక్తకణం. దానికి కేంద్రకం లేదు, సొంతంగా కొలెస్టరాల్ తయారు చేసే యంత్రాంగం లేదు. తన పొరలోని కొలెస్టరాల్‌ను రక్తంలోని లిపోప్రోటీన్లతో ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. బయట సమతూకం ఎలా ఉంటే లోపల అలా ఉంటుంది. బయట చెడితే ఏమవుతుందో కాలేయం బాగా దెబ్బతిన్న కొందరు రోగుల్లో కనిపిస్తుంది. సిరోసిస్ ముదిరినప్పుడు వాళ్ల రక్తంలో తిరిగే లిపోప్రోటీన్లలో ఫాస్ఫోలిపిడ్లతో పోలిస్తే విడి కొలెస్టరాల్ వాటా పెరుగుతుంది. మొత్తం కొలెస్టరాల్ అంకె తక్కువగా ఉన్నా సరే, వాటా పెరగవచ్చు. ఆ అదనం ఎర్ర కణం పొరలోకి చేరుతుంది. ఒకటికి ఒకటిగా ఉన్న నిష్పత్తి ఒకటిన్నర దాకా పోతుంది. ఫాస్ఫోలిపిడ్లు కూడా అదే పాళ్లలో పెరిగి ఉంటే కణం వెడల్పయ్యేదే కానీ ఇంత బిరుసెక్కేది కాదు.

ఎర్ర కణం అడ్డంగా ఏడెనిమిది మైక్రాన్లు ఉంటుంది. ప్లీహంలో అది దూరి రావలసిన సందులు ఒక మైక్రాన్ కన్నా సన్నం. మామూలు కణం మెత్తటి సంచిలా నలిగి దూరుతుంది. బిరుసెక్కిన కణం చిక్కుకుంటుంది. ప్లీహం దాని పొరలో ముక్కలు తుంచుతుంది. పదే పదే అలా జరిగేసరికి కణం గుండ్రం పోయి, ఎక్కడపడితే అక్కడ ముళ్లు లేచిన కాయలా తయారవుతుంది. చివరికి ప్లీహమే దాన్ని మింగేస్తుంది. 120 రోజులు బతకాల్సిన కణం ముందే పోతుంది, రక్తహీనత ముదురుతుంది, కామెర్లు ఎక్కువవుతాయి. గాజు పలకమీద పరిచిన రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూసినప్పుడు పొడవూ దూరమూ సమంగా లేని ఆ ముళ్లు కనిపిస్తే డాక్టర్లు దీన్ని గుర్తుపడతారు. స్పర్ కణ రక్తహీనత అంటారు.

రక్తం ఎక్కిస్తే సరిపోదా? ఆరోగ్యవంతుడి ఎర్ర కణాలను ఆ రోగి సీరంలో ఉంచి చూశారు. కొన్ని గంటల్లోనే అవి కొలెస్టరాల్‌ను లాక్కుని బిరుసెక్కడం మొదలుపెట్టాయి. ఎక్కించిన రక్తానిదీ అదే గతి, దాత ఒంట్లో నలుగుతూ తిరిగిన కణాలు ఇక్కడికి వచ్చాక ముళ్లు తేలి ప్లీహంలో పడిపోతాయి. తప్పు కణంలో లేదు, దాని చుట్టూ ఉన్న రక్తంలో ఉంది. కాలేయ మార్పిడి జరిగిన రోగుల్లో మాత్రం ఆ ముళ్ల కణాలు క్రమంగా మాయమై, గాజు పలకమీద మళ్లీ గుండ్రటి కణాలు కనిపించాయి.